చికెన్ బ్రెస్ట్, స్కిన్‌తో థై: వండాక 100 గ్రాముల్లో తేడా ఎంత, ఆ తేడా ఎక్కడుంది

*"అక్కా, ఈమధ్యే జిమ్‌లో చేరాను. ట్రైనర్ బ్రెస్ట్ తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దంటున్నాడు. మా ఇంట్లో ఆదివారం విత్ స్కిన్ కోడే తెస్తారు, నాకేమో థై ముక్క ఇష్టం. వండాక 100 గ్రాములకి ప్రొటీన్, ఫ్యాట్ నిజంగా ఎంత తేడా ఉంటుంది? తోలు తీసేస్తే సరిపోతుందా? నాన్నకి కొలెస్ట్రాల్ కూడా ఉంది, ఇంట్లో అందరికీ ఒకటే కూర."*

తమ్ముడూ, ముందు అంకెలు చెప్పేస్తాను, ఆ తర్వాత అసలు విషయానికి వస్తాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్ వాళ్ల 2017 పట్టికలో బ్రాయిలర్ కోడి లెక్కలు పచ్చి మాంసానికి, అదీ స్కిన్‌లెస్‌కే ఉన్నాయి. నువ్వు అడిగింది వండిన మాంసం, అదీ తోలుతో. అందుకని అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలోని రోస్ట్ చేసిన బ్రాయిలర్ కోడి లెక్కలు తీసుకుంటున్నాను. ఆస్పత్రిలో డైటీషియన్‌గా పేషెంట్లకి లెక్కలు కట్టేటప్పుడు కూడా నేను దీన్నే వాడుతుంటాను.

ఎముక తీసేసి తూచిన 100 గ్రాముల తోలు లేని బ్రెస్ట్‌లో ప్రొటీన్ 31 గ్రాములు, కొవ్వు 3.6 గ్రాములు, కేలరీలు 165. అదే 100 గ్రాముల థై, తోలుతో సహా అయితే ప్రొటీన్ 25, కొవ్వు 15.5, కేలరీలు 247. చూశావా, ప్రొటీన్‌లో తేడా ఆరు గ్రాములే. కొవ్వు మాత్రం నాలుగు రెట్లు దాటింది. అంటే మీ ట్రైనర్ చెప్పింది తప్పు కాదు, కానీ ఆయన ప్రొటీన్ కోసం బ్రెస్ట్ తినమంటున్నాడని నువ్వు అనుకుంటున్నావు, నిజానికి అక్కడ ఆదా అయ్యేది కొవ్వు.

ఇప్పుడు తోలు సంగతి. రోస్ట్ చేసిన తోలు ఒక్కటే 100 గ్రాములు తూచి చూస్తే కొవ్వు దాదాపు 41 గ్రాములు, ప్రొటీన్ 20, కేలరీలు 454. అంత తోలు ఎవరూ తినరనుకో. మరి ఒక థై ముక్కలో తోలు ఎంత ఉంటుంది? తోలు లేని థై 100 గ్రాములకి కొవ్వు 11 గ్రాముల దగ్గర ఉంటుంది, తోలుతో అయితే 15.5. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి లెక్క వేస్తే, తోలుతో ఉన్న 100 గ్రాముల ముక్కలో తోలు వాటా 15 గ్రాములు, మాంసం 85 గ్రాములు అని తేలుతుంది. ఆ 15 గ్రాముల తోలులో 6 గ్రాముల కొవ్వు, మిగతా 85 గ్రాముల మాంసంలో 9 గ్రాముల పైచిలుకు. అంటే బరువులో ఆరో వంతు కూడా లేని తోలు, కొవ్వులో ఐదింట రెండు వంతులు మోస్తోంది. ప్రొటీన్‌కి అది ఇచ్చేది 3 గ్రాములు. ఆ మూడు గ్రాముల్లో కూడా ఎక్కువ భాగం కొల్లాజెన్, కండ పెరగడానికి మాంసంలోని ప్రొటీన్ పనికొచ్చినంతగా అది పనికిరాదు. కాబట్టి ప్రొటీన్ కోసం తోలు తింటున్నాను అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. రుచి కోసం తింటున్నాను అంటే అది వేరే మాట, నేనూ తింటాను.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. తోలుతో ఉన్న బ్రెస్ట్ 100 గ్రాముల్లో కొవ్వు 7.8 గ్రాములే, ప్రొటీన్ 30. తోలు తీసేసిన థై కంటే ఇదే తక్కువ! ఎందుకంటే థైలో కొవ్వు తోలులోనే కాదు, కండల మధ్య కూడా ఉంటుంది. ముక్క విడదీస్తే ఎముక పక్కన, కండల సందుల్లో పసుప్పచ్చగా మెత్తగా కనిపిస్తుంది చూడు, అదే. ఆ పసుపు ముద్దల్ని పచ్చిగా ఉన్నప్పుడే కత్తితో తీసేస్తే థై కొవ్వు ఇంకొంచెం దిగుతుంది. అలా శుభ్రం చేసిన ముక్కల లెక్కలు కొన్ని పట్టికల్లో 8 గ్రాముల దగ్గర కనిపిస్తాయి, అంకెలు కలవడం లేదని కంగారు పడొద్దు. "తోలు తీసేస్తే సరిపోతుందా" అన్న నీ ప్రశ్నకి ఇదే జవాబు: థై నుంచి తోలు తీస్తే కొవ్వు బాగానే తగ్గుతుంది, కానీ అది బ్రెస్ట్ అయిపోదు. అవ్వాల్సిన అవసరం కూడా లేదనుకో, థైలో జింక్ బ్రెస్ట్ కంటే రెట్టింపుకి మించి ఉంటుంది, ఐరన్ కూడా కాస్త ఎక్కువే.

ఇవన్నీ బ్రాయిలర్ లెక్కలు. నాటుకోడికి వీటిని అంటించకు, దాని మాంసం గట్టిది, కొవ్వు తక్కువ, తోలు పల్చన, పసుపు రాసి మంట మీద కాల్చి తోలుతోనే వండుకుంటాం. దాని లెక్క వేరు.

100 గ్రాముల లెక్క చదవడానికి బాగుంటుంది గానీ మనం తినేది ఆ లెక్కన కాదు కదా. నీకు ఒక పూట 30 గ్రాముల ప్రొటీన్ కావాలనుకుందాం. తోలు లేని బ్రెస్ట్ అయితే 97 గ్రాములు తింటే చాలు, 160 కేలరీలు. తోలుతో థై అయితే 120 గ్రాములు తినాలి, 295 కేలరీలు పైన, కొవ్వు 18 గ్రాములు దాటుతుంది. తేడా 135 కేలరీలు. ఇది ఎంతో తెలుసా? ఒక టేబుల్ స్పూను నూనె, దానికి పైన కాస్త. అంటే బ్రెస్ట్ తెచ్చుకుని దాన్ని ఒక స్పూను నూనె ఎక్కువ పోసి వేపుడు చేసుకుంటే థై వదులుకుని సంపాదించిన లాభమంతా మూకుట్లోనే పోయినట్టు. జిమ్‌కి వెళ్లే పిల్లలు నా దగ్గరికి వచ్చి "నేను బ్రెస్టే తింటున్నా మేడమ్, అయినా తగ్గట్లేదు" అంటారు. ఎలా వండుతున్నావని అడిగితే అక్కడ దొరుకుతుంది అసలు కారణం. పిండి పట్టించి నూనెలో ముంచి వేయించిన బ్రెస్ట్, తోలుతో ఉన్నది, 100 గ్రాములకి 13 గ్రాముల కొవ్వు, 260 కేలరీలు, ప్రొటీన్ 25. ఏమీ పూయకుండా రోస్ట్ చేసిన థై కంటే కేలరీలు ఎక్కువ. పేరుకే బ్రెస్ట్.

ఇంకో చోట కూడా లెక్క తప్పుతుంది: పచ్చిది తూచి, వండిన దాని అంకె వేసుకోవడం. పచ్చి బ్రెస్ట్‌లో 100 గ్రాములకి ప్రొటీన్ 22.5 గ్రాములే ఉంటుంది. వండేసరికి నీరు పోయి ముక్క నాలుగో వంతు దాకా బరువు తగ్గుతుంది, ఉన్న ప్రొటీన్ తక్కువ బరువులో ఇమిడి 31 అవుతుంది. 150 గ్రాముల పచ్చి బ్రెస్ట్ వండితే 110 గ్రాముల దగ్గర వస్తుంది, పచ్చిగా లెక్క వేసినా వండాక లెక్క వేసినా ప్రొటీన్ 34 గ్రాములే. కానీ పచ్చి 150 గ్రాముల్ని 31తో లెక్క కడితే 46 వస్తుంది, లేని 12 గ్రాములు ఉన్నాయనుకుంటావు. బ్రెస్ట్‌ని కుక్కర్‌లో పెట్టి విజిళ్ల మీద విజిళ్లు వేయించి ఎండగొడితే 100 గ్రాములకి ప్రొటీన్ ఇంకా పెరిగినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఇంకా నీరు పోయింది కాబట్టి. ముక్కలో ఉన్న ప్రొటీన్ మాత్రం పెరగదు, నమలడమే కష్టమవుతుంది. ఇంకా లెగ్ పీస్‌ని ఎముకతో తూచి లెక్క వేసుకోకు. తినేసి, ఎముక తూచి, మొత్తంలోంచి తీసెయ్, అదే కరెక్టు.

ఇప్పుడు నీ ఆదివారం కూరకి వస్తాను, ఎందుకంటే తోలు భోజనాన్ని మార్చేది ఇక్కడే, పట్టికలో కాదు. పైన చెప్పినవన్నీ రోస్ట్ లెక్కలు. ఓవెన్‌లో గానీ పెనం మీద గానీ తోలుతో ఉన్న ముక్క కాలితే కొవ్వులో కొంత కరిగి ట్రేలోకి కారిపోతుంది, పట్టికలో కనిపించేది ఆ కారిపోగా ముక్కలో మిగిలింది. కూరలో కారడానికి చోటెక్కడ? కరిగిన కొవ్వంతా గ్రేవీలోనే ఉంటుంది. నువ్వు కంచంలో ముక్క మీద తోలు తీసి పక్కన పెట్టినా, ఆ తోలులోంచి దిగిన కొవ్వు అప్పటికే అన్నంలో కలిసిపోయింది. అదే రోస్ట్ అయితే తోలుతో కాల్చి తినేముందు తోలు తీసేసినా నష్టం లేదు, తోలు కొవ్వు మాంసంలోకి పెద్దగా ఇంకదు, పైగా తోలు కప్పి ఉండటం వల్ల మాంసం ఎండిపోకుండా ఉంటుంది. కాబట్టి ఒకటే సూత్రం పెట్టుకో: రోస్ట్ అయితే తోలు వండాక తియ్యి, కూర అయితే వండకముందే తియ్యి.

ఒక కిలో విత్ స్కిన్ ముక్కలు తీసుకుని, దాన్ని నలుగురు తింటారనుకుందాం. పచ్చిగా ఉన్నప్పుడు తోలు లాగేసి తూస్తే 100 గ్రాములు వచ్చిందనుకో. పచ్చి తోలులో 100 గ్రాములకి 32 గ్రాముల కొవ్వు ఉంటుంది. మన ఇళ్లల్లో కిలో చికెన్‌కి ఐదు టేబుల్ స్పూన్ల నూనె మామూలే, అది 70 గ్రాములు. తోలుతోనే వండితే నూనె, తోలు కొవ్వు కలిపి 102 గ్రాములు, మనిషికి 25 గ్రాములు పైన పడుతుంది, మాంసంలో ఉన్న కొవ్వు కాకుండా. అదే తోలు ఉంచి నూనె మూడు స్పూన్లకి తగ్గిస్తే మొత్తం 74, మనిషికి 18. తోలు తీసేసి నూనె ఐదు స్పూన్లు పోస్తే మనిషికి 17న్నర. చూడు, తోలు తీయడం, నూనె రెండు స్పూన్లు తగ్గించడం, రెండూ కొవ్వు లెక్కలో దాదాపు ఒకటే. తోలూ ఉండి నూనె కూడా ఎప్పటిలాగే పోస్తేనే ఇబ్బంది. మన వాళ్లు స్కిన్‌లెస్ అయినా విత్ స్కిన్ అయినా గిన్నెలో నూనె మాత్రం అలవాటు ప్రకారం ఒకటే పోస్తారు. అమ్మకి చెప్పాల్సింది ఈ ఒక్క మాటే.

తోలుతో కూర వండేటప్పుడు నేను చేసే పద్ధతి చెప్తాను. తోలు ముందే విడిగా తీసి, మిగిలిన ఈకల మొదళ్లు ఉంటే లాగేసి, చిన్న ముక్కలుగా కోస్తాను. అడుగు మందంగా ఉన్న గిన్నెలో ఆ ముక్కలు, రెండు చెంచాల నీళ్లు వేసి సన్న సెగ మీద పెడతాను. నీళ్లెందుకంటే కొవ్వు కరగడం మొదలయ్యే లోపు తోలు అడుగంటకుండా. నీరు ఆవిరయ్యాక కొవ్వు తేరుకుంటుంది, తోలు కుంచించుకుపోయి పావుగంట ఇరవై నిమిషాల్లో బంగారు రంగుకి వస్తుంది. చిటపట తగ్గి, గరిటెతో కదిపితే గలగల శబ్దం వచ్చిందంటే అయినట్టే. ఆ తోలు ముక్కలు తీసి ఉప్పు, కారం చల్లి పక్కన పెట్టి, గిన్నెలో మిగిలిన కొవ్వులో ఇంకో స్పూనో రెండు స్పూన్లో నూనె కలిపి ఉల్లిపాయలు వేయిస్తాను. మిగతా కూర మామూలే. ఇలా చేస్తే కోడి వాసన, రుచి కూరంతటికీ పడుతుంది, గ్రేవీలో రబ్బరులా సాగే తోలు ఎవరి నోటికీ రాదు, కరకరలాడే తోలు కావాల్సినవాళ్లు అన్నం మీద వేసుకుంటారు, వద్దనుకున్నవాళ్లు వేసుకోరు. కొవ్వు ఎంత దిగిందో కంటికి కనిపిస్తుంది కాబట్టి నూనె ఎంత తగ్గించాలో కూడా తెలుస్తుంది.

ముక్కకే తోలు కరకరలాడాలి అంటే మాత్రం కూర కాదు, ఇనుప పెనం కావాలి. ఎముక తీసిన థై ముక్కని పొడి గుడ్డతో బాగా అద్ది, ఉప్పు రాసి, మూత పెట్టకుండా విడిగా ఒక పళ్లెంలో ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు ఉంచు. తోలు మీద తడి ఉంటే ఆ తడి ఆవిరయ్యే దాకా తోలు ఉడుకుతుంది తప్ప వేగదు. పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి తోలు కరకరలాడాలంటే అవ్వదు, పెరుగు నీరు వదులుతుంది, వెల్లుల్లి మాడుతుంది. మసాలా మాంసం వైపు మాత్రమే రాయి, లేదా వేలితో తోలు కొంచెం లేపి దాని కింద పట్టించు. చల్లటి పెనం మీద నూనె లేకుండా తోలు వైపు కిందకి పెట్టి, అప్పుడు మంట వెలిగించు, మధ్యస్థంగా. పెనం వేడెక్కే కొద్దీ తోలు కింద కొవ్వు మెల్లగా కరిగి బయటికి వస్తుంది, ముక్క తన కొవ్వులోనే వేగుతుంది. పన్నెండు పదిహేను నిమిషాలు కదపకు. లేపబోతే అంటుకుంటోందంటే ఇంకా అవ్వలేదు, అయిపోయిన తోలు దానంతట అదే పెనాన్ని వదులుతుంది. తిప్పి ఇంకో ఎనిమిది నిమిషాలు. థర్మామీటర్ ఉంటే లోపల 74 డిగ్రీలు దాటితే తినడానికి భయం లేదు, కానీ థైకి 80 దాటాకే కండల మధ్య ఉన్న కొల్లాజెన్ మెత్తబడి బాగుంటుంది. బ్రెస్ట్‌ని మాత్రం 74 దగ్గరే దించెయ్, అక్కడి నుంచి పైకి పోతే పీచు పీచుగా అయిపోతుంది. పెనంలో మిగిలిన కొవ్వు ముక్క మీద పోయకుండా గిన్నెలోకి వంచెయ్, నువ్వు తినని కొవ్వు అదే. మంట మొదటి నుంచే పెద్దగా పెడితే తోలు పైన నల్లబడి, దాని కింద కొవ్వు కరగకుండా తెల్లగా మందంగా మిగిలిపోతుంది, కొరికి చూస్తే తెలిసిపోతుంది.

ఇక నీ కంచం సంగతి. తోలుతో థై తిన్న పూట అన్నం ఒక గరిటె తగ్గించుకో. 15 గ్రాముల తోలు అంటే 68 కేలరీలు, వండిన అన్నం 50 గ్రాములతో సమానం, అంతకంటే పెద్ద విషయం కాదు. బరువు తగ్గాలని కేలరీలు కచ్చితంగా లెక్కపెట్టుకుంటున్న రోజుల్లో వారంలో ఎక్కువ పూటలు బ్రెస్ట్ తిను, ఆదివారం థై తిను, ఆ ఒక్క పూటతో జిమ్‌లో చేసిన కష్టమేమీ కరిగిపోదు. బరువు పెరగాలనుకుంటున్నావా, అయితే బ్రెస్ట్ మాత్రమే తినాలన్న టెన్షనే నీకు అవసరం లేదు, అదే ప్రొటీన్‌తో పాటు కేలరీలు కూడా ఇచ్చే థై నీకే మంచిది.

నాన్నగారి విషయంలో మాత్రం కొంచెం జాగ్రత్తగా ఉండాలి. కోడి కొవ్వులో సుమారు 30 శాతమే శాచురేటెడ్, మిగతాది ఎక్కువగా అన్‌శాచురేటెడ్, నెయ్యిలాంటిది కాదు. తోలుతో 100 గ్రాముల థైలో శాచురేటెడ్ 4.3 గ్రాములు, తోలు లేని బ్రెస్ట్‌లో 1 గ్రాము. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి శాచురేటెడ్ కొవ్వు 22 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క, పాలు, పెరుగు, నెయ్యి, స్వీట్లు అన్నీ అందులోనే. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, ఎక్కువగా ఉన్నవాళ్లకి డాక్టర్లు ఇంకా తక్కువే చెప్తారు, ఆయన డాక్టర్ ఇచ్చిన లెక్కే ఆయనకి లెక్క. అందరికీ ఒకటే కూర అంటున్నావు కాబట్టి తోలు ముందే తీసేసి వండటం తేలిక, తోలు కావాల్సినవాళ్లకి పైన చెప్పినట్టు విడిగా వేయించి పెట్టండి, ఆ కొవ్వు మాత్రం కూరలో వాడకండి. ఏదైనా ఆదివారం తోలుతోనే వండేశారు అనుకో, స్టవ్ ఆపి పది నిమిషాలు కదపకుండా వదిలేస్తే నూనె, కొవ్వు కలిసి పైకి తేలతాయి, గిన్నె కొంచెం వాల్చి పక్కకి చేరింది గరిటెతో తీసెయ్. మిగిలిన కూర రాత్రికి ఫ్రిజ్‌లో పెడితే పైన మెత్తగా పేరుకుంటుంది, వేడి చేయకముందే చెంచాతో గీకి తీయడం ఇంకా సులువు. నాన్నగారికి ముక్కలు బ్రెస్ట్ వైపువి వేసి, గ్రేవీ అడుగు నుంచి తీసి వడ్డించమని అమ్మకి చెప్పు.